బైపాస్ తర్వాత థ్యాంక్స్ ఎవరికి ఎలా చెప్పాలి: ఉత్తరమా, మెసేజా, మెయిలా?

ప్రశ్న: "మా నాన్నగారికి 64 ఏళ్ళు. పోయిన నెల హైదరాబాద్‌లో బైపాస్ అయింది. ఇంటికొచ్చేశారు, బాగానే కోలుకుంటున్నారు. సర్జన్ గారు, ఐసీయూలో చూసుకున్న సిస్టర్, రక్తం ఇచ్చిన నా ఫ్రెండ్స్, ఆఫీసులో నా పని మోసిన కొలీగ్, రోజూ క్యారేజీ పంపిన పిన్ని, సూర్యాపేట నుంచి వచ్చి రాత్రుళ్ళు తోడున్న నాన్నగారి స్నేహితుడు... చాలామందికి రుణపడ్డాం. మా ఆవిడ అందరికీ ఒకే వాట్సాప్ మెసేజ్ పెట్టేద్దాం అంటోంది. అమ్మేమో పెద్దవాళ్ళకి ఉత్తరం రాయాలంటోంది. ఎవరికి ఏది పంపాలి? ఇప్పటికే ఆలస్యమైందా?"

నేను నర్సింగ్ సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం గుండె ఆపరేషన్ల వార్డుల్లోనే గడిచింది. పేషంట్ల ఇళ్ళ నుంచి వచ్చిన ఉత్తరాలు, మెయిళ్ళు, మెసేజ్‌లు చేరిన చోట ఏమవుతాయో దగ్గర నుంచి చూశాను కాబట్టి ఆ వైపు నుంచి చెప్తాను.

సాయం పెద్దదైతే ఉత్తరం, చిన్నదైతే మెసేజ్ అని లెక్క వేసుకోకండి. మీ మాట చేరాక ఎక్కడ ఉండాలి, ఇంకెవరు చూడాలి అన్నది చూసుకోండి. ఆ ఒక్క మనిషికి త్వరగా తెలిస్తే చాలనుకుంటే మెసేజ్. వాళ్ళ పైవాళ్ళకి కూడా తెలిసి, రికార్డులో ఉంటే వాళ్ళకి మేలు జరుగుతుందనుకుంటే మెయిల్. వాళ్ళింట్లో, వాళ్ళ దగ్గరే ఉండిపోవాల్సిన మాటైతే కాగితం.

రక్తం ఇచ్చిన మీ ఫ్రెండ్స్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే వాళ్ళ విషయంలోనే టైము ముఖ్యం. రక్తం ఇచ్చి వెళ్ళిపోయిన మనిషికి తర్వాత ఏం జరిగిందో ఎవరూ చెప్పరు. ఆపరేషన్ అయిందా, ఆయన లేచి కూర్చున్నారా అని మనసులో ఉన్నా, మీరు టెన్షన్‌లో ఉంటారని ఫోన్ చేయడానికి మొహమాటపడతారు. వాళ్ళకి కావలసింది ఆ కబురు. అది మెసేజ్‌లోనే బాగుంటుంది, ఈ రోజే పెట్టండి. నెల దాటింది కదా అని ఆలస్యానికి క్షమాపణలతో నాలుగు లైన్లు నింపొద్దు. కొత్త కబురు ఒకటి చెప్తే ఆలస్యం ఎవరికీ గుర్తుండదు. ఇలా రాయొచ్చు: "రవీ, నాన్న ఇవాళ పొద్దున వీధి చివరి దాకా నడిచొచ్చారు. ఆ రోజు నువ్వు ఆఫీసు మానేసి బ్లడ్ బ్యాంకులో కూర్చోవడం మర్చిపోలేను. నాన్న నిన్ను అడిగారని చెప్పమన్నారు." పేరు, వాళ్ళు చేసిన పని, నాన్నగారి సంగతి, మూడూ ఉన్నాయి. ఒక్కొక్కరికీ విడిగా పెట్టండి. వీలైతే నాన్నగారు నడుస్తున్న ఫొటో ఒకటి జతచేయండి.

రక్తం ఇచ్చిన మగవాళ్ళు మళ్ళీ ఇవ్వాలంటే 90 రోజులు, ఆడవాళ్ళైతే 120 రోజులు ఆగాలి. ఆ గడువు అయ్యే సమయానికి "నాన్న ఇలా ఉన్నారు" అని ఇంకో చిన్న మెసేజ్ పెట్టమంటాను. మళ్ళీ ఇవ్వమని అడగక్కర్లేదు. సాయం చేసినవాళ్ళకి థ్యాంక్స్ చెప్తే ఏమవుతుందో ఆడమ్ గ్రాంట్, ఫ్రాన్సెస్కా జీనో అనే పరిశోధకులు 2010లో ప్రచురించిన ప్రయోగాల్లో చూశారు. ఒక విద్యార్థి రాసిన దరఖాస్తు ఉత్తరాన్ని సరిదిద్దిన వాళ్ళలో కొందరికి ఆ విద్యార్థి నుంచి కృతజ్ఞత చెప్పే మెయిల్ వెళ్ళింది, మిగతావాళ్ళకి మామూలు మెయిల్ వెళ్ళింది. థ్యాంక్స్ అందినవాళ్ళు రెండోసారి సాయం చేయడానికి రెట్టింపు సంఖ్యలో ముందుకొచ్చారు. ఇంకో ప్రయోగంలో, అడిగింది పూర్తిగా వేరే మనిషైనా వాళ్ళు ఎక్కువగానే సాయపడ్డారు. మీ ఫ్రెండ్స్‌లో ఒక్కరు మళ్ళీ వెళ్ళి రక్తం ఇచ్చినా అది ఇంకో ఐసీయూ బయట కూర్చున్న కుటుంబానికి అందుతుంది.

మీ ఆవిడ అన్న ఒకే మెసేజ్ గురించి. గ్రూపులో పెడితే ఎవరో ఒకరి పేరు తప్పకుండా మర్చిపోతారు, ఆ ఒక్కరూ అదే గుర్తుపెట్టుకుంటారు. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడితే, మీ నంబరు ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్ళకే అది చేరుతుంది. మిగతావాళ్ళకి వెళ్ళలేదన్న సంగతి మీకు తెలియదు కూడా. పువ్వుల బొమ్మ మీద థ్యాంక్యూ అని ఉండే ఇమేజీలు గుడ్‌మార్నింగ్ ఫార్వర్డ్‌ల మధ్య కలిసిపోతాయి. పరామర్శించిన వాళ్ళందరికీ "నాన్నగారు డిశ్చార్జ్ అయ్యారు, మీ అందరి అభిమానానికి నమస్కారాలు" అని గ్రూపులో ఒకటి పెట్టండి, తప్పులేదు. కానీ మీరు పైన రాసిన వాళ్ళెవరికీ దానితో సరిపెట్టకండి.

పిన్నిగారికి ఉత్తరం వద్దు, మెయిల్ అసలే వద్దు. మన ఇళ్ళల్లో పిన్నికి కవర్లో పెట్టి థ్యాంక్స్ పంపితే "నన్ను పరాయిదాన్ని చేశారా" అంటుంది, అనకపోయినా అనుకుంటుంది. అలాంటివాళ్ళకి థ్యాంక్స్ అన్న మాట లేకుండానే చెప్పాలి. మీ అమ్మగారిని ఫోన్ చేసి మాట్లాడమనండి. క్యారేజీ ఇంకా మీ ఇంట్లోనే ఉంటే ఖాళీగా తిరిగి పంపరని మీ అమ్మగారికి నేను చెప్పక్కర్లేదు. మీరు మాత్రం ఒక మెసేజ్ పెట్టండి: "పిన్నీ, హాస్పిటల్ చప్పిడి తిండి చూసి నాన్న మొహం తిప్పేసుకున్న రోజుల్లో నువ్వు ఉప్పు లేకుండా చేసి పంపిన బీరకాయ కూర ఒక్కటే తిన్నారు. ఇవాళ మళ్ళీ అదే అడుగుతున్నారు." బైపాస్ పేషంట్లకి మొదటి వారాల్లో ఆకలి ఉండదు, నోటికి ఏదీ రుచించదు. ఆ స్థితిలో ఉప్పు తగ్గించి తినేలా వండటం పెద్ద పని. ఆమె పడ్డ శ్రమ మీకు తెలిసిందని ఆ ఒక్క కూర పేరు చెప్తుంది.

ఐసీయూ సిస్టర్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఈమెకి కాగితం మీద ఒకటి, మెయిల్‌లో ఒకటి, రెండూ పంపాలి. రెండూ చేసే పనులు వేరు.

ముందు మెసేజ్ ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. ఆమె పర్సనల్ నంబరు మీ దగ్గర ఉండకూడదు, ఉన్నా దానికి మెసేజ్ పెట్టకూడదు. డ్యూటీలో ఉన్న మనిషిని ఆ నంబరు అడగడమే ఇబ్బంది పెట్టడం. చాలామంది మంచి ఉద్దేశంతోనే అడుగుతారు, కానీ ఆ అమ్మాయి ఇవ్వలేదంటే బాధపడతారు, ఇచ్చిందంటే తర్వాత మందుల సందేహాలన్నీ ఆ ఫోన్‌కే వస్తాయి.

ఇప్పుడు కాగితం. గుండె ఆపరేషన్ వార్డుల్లో మామూలుగా నర్సింగ్ స్టేషన్ పక్కన ఒక నోటీసు బోర్డు ఉంటుంది. చేతిరాత ఉత్తరం వస్తే ముందు ఛార్జ్ సిస్టర్ అందరికీ చదివి వినిపిస్తుంది, తర్వాత బోర్డు మీద పిన్ చేస్తారు. ఆ సిస్టర్ ఫొటో తీసి ఊళ్ళో ఉన్న అమ్మకి పంపుకుంటుంది. కొన్ని వారాలకి బోర్డు మీద నుంచి తీసి తన సర్టిఫికెట్ల ఫైలులో పెట్టుకుంటుంది. ఉద్యోగం మారినా ఆ ఫైలు ఆమె వెంటే వెళ్తుంది. ప్రింట్ తీసిన మెయిల్‌ని ఇలా దాచుకోగా నేను చాలా తక్కువ చూశాను.

మెయిల్ వెళ్ళే దారి వేరు. అది పేషంట్ ఫీడ్‌బ్యాక్ చూసే విభాగానికి చేరి, అక్కడి నుంచి నర్సింగ్ ఆఫీసుకి వచ్చి, ఆ సిస్టర్ పర్సనల్ ఫైలులో పడుతుంది. ఏడాది చివర అప్రైజల్ రాసేటప్పుడు మేం తెరిచేది ఆ ఫైలునే. కాకపోతే అది సరైన మనిషి ఫైలులో పడాలంటే మెయిల్‌లో కొన్ని వివరాలు ఉండాలి. "ఐసీయూలో సిస్టర్లందరూ బాగా చూసుకున్నారు" అని వచ్చే మెయిళ్ళు చదివి సంతోషించి మూసేస్తాం, అంతకంటే ఏమీ చేయలేం. ఒకే ఫ్లోర్లో ఒకే పేరున్న సిస్టర్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు. కాబట్టి నాన్నగారి పేరు, ఐపీ నంబరు, ఏ ఐసీయూ, బెడ్ నంబరు, తేదీ, పగలా రాత్రా అన్నవి రాయండి. ఐపీ నంబరు డిశ్చార్జ్ సమ్మరీ పైనే ఉంటుంది. సిస్టర్ పేరు తెలియకపోయినా ఫర్వాలేదు. తేదీ, షిఫ్టు, బెడ్ నంబరు ఇస్తే డ్యూటీ చార్టు చూసి మేం పట్టుకుంటాం. వచ్చిన మెయిల్‌ని నర్సింగ్ సూపరింటెండెంట్‌కి కూడా పంపించమని చివర్లో ఒక లైను చేర్చండి, లేకపోతే కొన్నిచోట్ల అది ఫీడ్‌బ్యాక్ లెక్కల్లో ఒక అంకెగా మిగిలిపోతుంది.

రెండింటిలోనూ ఏం రాయాలో మీకు తెలియదు, నిజానికి మీ నాన్నగారికే తెలుసు. మీరు ఐసీయూ బయట కుర్చీల్లో ఉన్నారు. లోపల జరిగింది ఆయన చూశారు. ఆయన పక్కన కూర్చుని అడగండి. బైపాస్ అయిన మనిషి స్పృహలోకి వచ్చేసరికి గొంతులో వెంటిలేటర్ గొట్టం ఉంటుంది, మాట రాదు, గొట్టం లాగేసుకోకుండా చేతులు కట్టి ఉండొచ్చు, పగలో రాత్రో తెలియదు. ఆ సమయంలో చెవి దగ్గరకొచ్చి "పెద్దాయనా, ఆపరేషన్ అయిపోయింది, బాగా జరిగింది, మీ అబ్బాయి బయటే ఉన్నాడు" అని చెప్పే గొంతుని పేషంట్లు ఏళ్ళ తరబడి మర్చిపోరు. తర్వాత మూడు బంతుల పరికరంలో గాలి పీల్చమని గంట గంటకీ వెంటపడటం, ఛాతీకి దిండు ఆనించి పట్టుకుని దగ్గించడం ఉంటాయి. ఎముక కోసి కుట్టిన చోట దగ్గు వస్తే ప్రాణం పోయినంత నొప్పి, దగ్గకపోతే ఊపిరితిత్తుల్లో కఫం చేరి నిమోనియా రావచ్చు. ఆ రాత్రి ఆయన ఆమె మీద కోప్పడి కూడా ఉంటారు.

ఇవి అడిగి తెలుసుకున్నాక ఉత్తరం దానంతటదే వస్తుంది. మచ్చుకి ఒకటి:

"సిస్టర్ గారికి, ఆరో నంబరు బెడ్ మీద ఉన్న రామారావు గారి అబ్బాయిని. ఆపరేషన్ తర్వాత రెండో రాత్రి నాన్న దగ్గడానికి ఒప్పుకోలేదట, మిమ్మల్ని కసిరారట. మీరు దిండు ఛాతీకి ఆనించి, మీ చెయ్యి కూడా దాని మీద పెట్టి, ఒక్కసారి అంటూ తెల్లారేదాకా దగ్గించారని ఆయనే చెప్పారు. నాన్న ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయని రివ్యూలో డాక్టర్ గారు అన్నారు. అది మీరు కాపలా కాసిన రాత్రి ఫలితమని మా ఇంట్లో అందరికీ తెలుసు. కసిరినందుకు ఆయన కింద రెండు ముక్కలు రాస్తానన్నారు."

ఆ కింద నాన్నగారి చేత రాయించండి. అక్షరాలు వణికినా ఫర్వాలేదు. మా వార్డులో అందరూ ముందు చూసేది ఆ వణికే అక్షరాలనే, ఎందుకంటే గొట్టాలతో పడుకున్న మనిషి పెన్ను పట్టుకున్నాడని అవి చెప్తాయి.

భాష సంగతి కూడా చూసుకోండి. హైదరాబాద్ ప్రైవేటు ఆసుపత్రుల్లో చాలామంది సిస్టర్లు కేరళ నుంచో ఈశాన్య రాష్ట్రాల నుంచో వచ్చినవాళ్ళు. తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. ఆమె అలాంటి మనిషైతే మీరు తేలిక ఇంగ్లిష్‌లో రాయండి, నాన్నగారి లైన్లు తెలుగులోనే ఉంచండి. పక్కన ఉన్న సిస్టర్ చదివి పెడుతుంది. కవర్లో డబ్బు పెట్టకండి. చాలా ఆసుపత్రుల్లో తీసుకోవడం నిషేధం, తీసుకుంటే ఆ పిల్లకే సంజాయిషీ. స్వీట్లు ఇవ్వాలనుంటే వార్డు మొత్తానికి ఇచ్చి ఛార్జ్ సిస్టర్ చేతిలో పెట్టండి.

ఇక్కడ చాలామందికి తట్టని విషయం ఒకటుంది, మీరు మెయిల్ పంపేముందు తప్పకుండా చూసుకోవాలి. సాయం చేసిన మనిషి ఆ సాయం కోసం ఏదైనా రూలు సడలించి ఉంటే దాన్ని మెయిల్‌లో రాయకండి. నేను పనిచేసిన ఒక చోట ఒక పేషంట్ కొడుకు మంచి మనసుతో పెద్ద మెయిల్ పంపాడు. "అర్ధరాత్రి రెండింటికి మా అమ్మ ఏడుస్తుంటే సిస్టర్ గారు దయతలచి ఐసీయూ లోపలికి పంపి అయిదు నిమిషాలు కూర్చోనిచ్చారు" అని అందులో ఉంది. ఇన్‌ఫెక్షన్ భయంతో విజిటింగ్ వేళలు కచ్చితంగా పాటించే యూనిట్ అది. ఆ మెయిల్ పైవాళ్ళందరికీ వెళ్ళింది, మర్నాడు ఆ అమ్మాయిని వివరణ రాసివ్వమన్నారు. తప్పు ఎత్తిచూపాలని ఎవరూ అనుకోలేదు, కాని రాతలో ఉన్నదాన్ని చూడనట్టు వదిలేయడం ఆఫీసుకి కుదరలేదు. అదే మాట రివ్యూకి వచ్చినప్పుడు ఆమెకి నోటితో చెప్పి ఉంటే ఎంత బాగుండేది! అందుకే మెయిల్ రాశాక ఒకసారి ఆమె పై అధికారి కళ్ళతో చదవండి. వేళ కాని వేళ లోపలికి పంపడం, తన ఫోన్ ఇచ్చి మాట్లాడించడం, బయటి తిండి తిననివ్వడం, డ్యూటీ అయిపోయాక కూడా ఉండిపోవడం లాంటివి ఏమున్నా తీసేయండి. బోర్డు మీద పెట్టే ఉత్తరానికి కూడా ఇదే జాగ్రత్త. అవి ఎదురుగా నిలబడి చెప్పాల్సిన మాటలు.

ఐసీయూలో, వార్డులో మీ నాన్నగారిని కుర్చీలో కూర్చోబెట్టిన, ఒళ్ళు తుడిచిన ఆయాలు, వార్డు బాయ్‌లు మీ జాబితాలో లేరు. వాళ్ళు చాలాచోట్ల ఆసుపత్రి ఉద్యోగులు కారు, కాంట్రాక్టు ఏజెన్సీ మనుషులు. మెయిల్ వాళ్ళు చూడరు. కానీ మీ మెయిల్‌లో ఒక్క వాక్యంలో పేరు, ఫ్లోరు రాస్తే హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ దాకా వెళ్తుంది, కాంట్రాక్టు మనిషికి అది పనికొస్తుంది. వాళ్ళకి నేరుగా చెప్పాల్సింది రివ్యూకి వెళ్ళినప్పుడు కలిసి చెప్పండి, నాన్నగారు నడుచుకుంటూ ఎదురొస్తే చాలు.

సర్జన్ గారికి మెసేజ్ పెడితే చేతులు జోడించిన బొమ్మ తిరిగొస్తుంది, అంతే. ఆయన ఫోన్‌లో రోజంతా పేషంట్ల రిపోర్టులు, ఎమర్జెన్సీ కబుర్లు. మీది వాటి మధ్య పడి కిందకి వెళ్ళిపోతుంది. సాధారణంగా డిశ్చార్జ్ అయిన ఏడు నుంచి పది రోజుల్లో మొదటి రివ్యూ, ఆరు వారాల దగ్గర ఇంకొకటి ఉంటాయి. ఆరు వారాల రివ్యూకి ఒక పేజీ ఉత్తరం పట్టుకెళ్ళి, లేచి వచ్చేటప్పుడు నాన్నగారి చేత ఇప్పించండి. అక్కడే చదవమని ఆశించొద్దు, బయట క్యూ ఉంటుంది. నెల ముందు రాస్తే "ఆపరేషన్ చేసినందుకు" అని మాత్రమే రాయగలరు. ఆరు వారాలకి "మేడ మెట్లు ఆగకుండా ఎక్కుతున్నారు" అని రాయగలరు. సర్జన్‌కి చదవాలనిపించేది ఆ రెండోది. డిశ్చార్జ్ సమ్మరీలో ఆపరేషన్ చేసిన టీమ్ పేర్లు ఉంటే మత్తు డాక్టర్ గారి పేరు కూడా ఉత్తరంలో చేర్చండి. ఆపరేషన్ అంతసేపూ నాన్నగారి ప్రాణం మీద కన్నేసి ఉంచింది ఆయనే, కానీ పేషంట్ నిద్రలో ఉండటం వల్ల ఆయన మొహం ఎవరికీ గుర్తుండదు, ఆయనకి ఉత్తరం వచ్చినట్టు నేను చూసింది అరుదు.

కొలీగ్ విషయం తేలిక. మెయిలే, మేనేజర్‌ని సీసీలో పెట్టి. మీరు ఇంగ్లిష్‌లోనే రాస్తారు కాబట్టి ఏముండాలో చెప్తాను. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు మీరు లేరు, ఆ సమయంలో అతను ఏ పనులు చూశాడు, దానివల్ల ఏది ఆగకుండా సాగింది. "నేను లేని రెండు వారాలు నెలాఖరు రిపోర్టులు, క్లయింట్ కాల్స్ తన పనితో పాటు చూశాడు, ఒక్క గడువూ తప్పలేదు, ఆ రోజుల్లో నాకు ఆఫీసు నుంచి ఒక్క ఫోన్ కూడా రాలేదు" అన్నట్టు ఉండాలి. అతను అప్రైజల్ ఫారం నింపేటప్పుడు ఈ వాక్యాన్ని అలాగే తీసి పెట్టుకోగలగాలి. నాన్నగారి ఆరోగ్యం వివరాలు అందులో వద్దు, ఆ మెయిల్ ఎంతమందికి ఫార్వర్డ్ అవుతుందో మీ చేతిలో ఉండదు. ఐసీయూ సిస్టర్ విషయంలో చెప్పిన జాగ్రత్త ఇక్కడా వర్తిస్తుంది. మేనేజర్‌కి చెప్పకుండా మీరిద్దరూ షిఫ్టులు మార్చుకుని ఉంటే, అతను మీ లాగిన్‌తో ఏదైనా చేసి ఉంటే, సీసీ ఉన్న మెయిల్‌లో అది రాకూడదు. మనసులో మాట, నాన్నగారి కబురు విడిగా అతని ఫోన్‌కి మెసేజ్ పెట్టండి.

చివరిగా నాన్నగారి స్నేహితుడు. ఇక్కడ మీ అమ్మగారి మాటే కరెక్ట్, ఉత్తరమే. కాని అది మీరు రాసేది కాదు, నాన్నగారు రాయాల్సింది. మీరు రాస్తే అది ఆ ఇంటి అబ్బాయి పెద్దమనిషికి చెప్పుకున్న కృతజ్ఞత అవుతుంది, ఆయన మర్యాదగా పక్కన పెడతారు. నాన్నగారు రాస్తే ఆయన దిండు కింద పెట్టుకుంటారు. ఛాతీ ఎముక అతుక్కోవడానికి మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. బరువులెత్తకూడదు గాని టేబుల్ దగ్గర వీపు ఆనించి కూర్చుని కాసేపు రాసుకోవచ్చు. ఒకేసారి కాకపోతే రోజుకి నాలుగు లైన్లు.

ఏం రాయాలో తెలియడం లేదంటే థ్యాంక్స్ చెప్పొద్దనండి. చెప్తే "మన మధ్య అదేంట్రా" అని ఆ స్నేహితుడే తిడతారు. రాత్రుళ్ళు ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో, నిద్రపట్టనప్పుడు ఆయన చెప్పిన పాత సంగతి ఏమిటో, నర్సుకి తెలియకుండా కాళ్ళెలా పట్టారో రాయమనండి. ఇది బోర్డు మీదకి వెళ్ళదు కాబట్టి ఏదైనా రాసుకోవచ్చు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోమనండి: ఆయన డబ్బు సర్దుబాటు చేసి ఉంటే ఆ సంగతి ఉత్తరంలో వద్దు. ఊళ్ళో ఉత్తరం వచ్చిందంటే ఇంట్లో ఎవరో ఒకరు పైకి చదువుతారు. ఆ డబ్బు సంగతి ఆయన ఇంట్లో చెప్పారో లేదో మీకు తెలియదు.

రాత బాగుండదు, మాటలు కుదరవు అని మీరు గాని నాన్నగారు గాని వెనక్కి తగ్గితే ఇది చెప్పండి. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో కొందరి చేత కృతజ్ఞత ఉత్తరాలు రాయించి మెయిల్‌లో పంపించారు. అవతలివాళ్ళకి ఎలా అనిపిస్తుందో ముందే ఊహించమన్నారు, తర్వాత అందుకున్నవాళ్ళని అడిగారు. రాసినవాళ్ళు మాటలు సరిగ్గా కుదిరాయో లేదోనని బెంగపడ్డారు, అందుకున్నవాళ్ళు చూసింది ఆప్యాయతని. వాళ్ళకి కలిగిన సంతోషం రాసినవాళ్ళు ఊహించినదానికంటే ఎక్కువ, ఇబ్బంది ఊహించినదానికంటే తక్కువ. అవన్నీ మెయిల్‌లో వెళ్ళినవే అని గమనించండి. చేతిరాత కుదరని చోట మంచి మెయిల్ పంపడానికి సంకోచించక్కర్లేదు.

పోస్టు సంగతి. రెండున్నర రూపాయల ఇన్‌లాండ్ లెటర్‌లో లోపల ఇంకేమీ పెట్టకూడదు. నాన్నగారి ఫొటో కూడా పెట్టాలంటే అయిదు రూపాయల కవరు తీసుకోండి, 20 గ్రాముల దాకా వెళ్తుంది, అంటే దాదాపు రెండు కాగితాలు, ఒక ఫొటో. అడ్రసులో పిన్ కోడ్‌తో పాటు ఆయన ఫోన్ నంబరు రాయండి. పల్లెల్లో ఇంటి పేరు తికమకైనప్పుడు పోస్ట్‌మ్యాన్ ఫోన్ చేసి అడుగుతాడు. మామూలు పోస్టుకి ట్రాకింగ్ ఉండదు. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి, చేరినట్టు రుజువు కావాలంటే స్పీడ్ పోస్టే. దాని అవసరం ఉందనుకోను. వారం పది రోజులాగి నాన్నగారినే ఫోన్ చేసి అందిందా అని అడగమనండి.